క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ కదులుతాయి: రిటైనర్లతో నా అనుభవం

పళ్లకు క్లిప్పులు వేయించుకునేటప్పుడు అందరూ అడిగేవి రెండు ప్రశ్నలే. ఎన్నాళ్లు ఉంచుకోవాలి, మొత్తం ఎంతవుతుంది. తీసేసిన తర్వాత సంగతి ఎవరూ అడగరు, చాలా చోట్ల ఎవరూ విడమరిచి చెప్పరు కూడా. సరిచేసిన పళ్లను కదలకుండా పట్టి ఉంచే రిటైనర్‌ను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చి రాత్రిపూట వేసుకోమ్మా అంటారు, అంతే. నాకు తిరుపతిలో క్లిప్పులు వేసిన డాక్టరమ్మ అలా వదిలెయ్యలేదు. క్లిప్పులు తీయడానికి రెండు నెలల ముందే కూర్చోబెట్టి, నీ నోట్లో ఏ పన్ను ఎటు పోవాలని చూస్తుందో ముందు తెలుసుకో, రిటైనర్ సంగతి తర్వాత మాట్లాడదాం అంది. ఆ మాటలు, ఆ తర్వాత జరిగినవి, మధ్యలో వచ్చిన ఒక సమస్య, అన్నీ వివరంగా రాస్తున్నాను. క్లిప్పులతో ఉన్నవాళ్లకీ, పిల్లలకు వేయించినవాళ్లకీ పనికొస్తాయని.

ముందు నా పళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే రిటైనర్ ఎంపిక అంతా దాని మీదే ఆధారపడుతుంది. పైన ముందు రెండు పళ్ల మధ్య సందు ఉండేది. వాటి పక్కన కుడివైపు పన్ను తలుపు ఓరగా తీసినట్టు పక్కకు తిరిగి ఉండేది. కింద ముందు నాలుగు పళ్లకూ చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి, అందులో ఎడమవైపు నడిమి పన్ను కాస్త ముందుకు తోసుకొచ్చి మెలి తిరిగి ఉండేది. పళ్లు పీకకుండానే సరిచేశారు. అన్నీ వరసలోకి వచ్చాక ఇక తీసెయ్యొచ్చు కదా అని నేను తొందరపడుతుంటే, వరసలోకి రావడం వేరు, అక్కడ నిలబడటం వేరు అని ఇంకొన్ని నెలలు అలాగే ఉంచింది. నాకప్పుడు కొంచెం విసుగొచ్చింది గానీ కారణం తర్వాత అర్థమైంది.

పన్ను ఎముకలో మేకులా దిగ్గొట్టి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య ఒక సన్నని పొర ఉంటుంది, మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. అదంతా పోగుల మయం. నమిలేటప్పుడు ఆ పోగులే బరువు మోస్తాయి, క్లిప్పు తీగ పన్నును నెట్టినప్పుడు ఒక పక్క నలిగేదీ, ఇంకో పక్క సాగేదీ అవే. నలిగిన వైపు ఎముక కరుగుతుంది, సాగిన వైపు కొత్త ఎముక పుడుతుంది, పన్ను అలా కదులుతుంది. క్లిప్పులు తీసేనాటికి ఈ పొర వెడల్పుగా, వదులుగా ఉంటుంది. అందుకే తీసిన కొత్తలో నాలుకతో నెడితే పళ్లు కాస్త ఊగుతున్నట్టు అనిపించింది, భయపడ్డాను. అది మామూలేనట. మామూలుగా నములుతూ ఉంటే ఎముకలోపలి పోగులు మూడు నాలుగు నెలల్లో కొత్తగా అల్లుకుంటాయి.

అసలు చిక్కు చిగురు లోపల ఉంటుంది. ఎముక అంచుకు పైన, చిగురులో పన్నును చుట్టుకుని వేరే పోగులు ఉంటాయి. వాటిలో కొన్ని నాలుగైదారు నెలల్లో సర్దుకుంటాయి, సాగే గుణం ఉన్నవి మాత్రం ఏడాది వరకూ, ఒక్కోసారి ఆ పైన కూడా, పాత చోటువైపు లాగుతూనే ఉంటాయి. మెలి తిరిగిన పన్నును తిప్పి నిలబెట్టినప్పుడు ఈ పోగులు పురి పెట్టిన చేంతాడులా ఉంటాయి, చెయ్యి వదిలితే తిరిగి విచ్చుకుంటాయి. నార్వేకు చెందిన కారె రైటన్ 1959లో కుక్కల పళ్ల మీద చేసిన పరిశీలనలో, తిప్పిన పన్నును 232 రోజులు కదలకుండా పట్టి ఉంచినా ఈ చిగురు పోగులు ఇంకా సాగిన స్థితిలోనే కనిపించాయి. డాక్టరమ్మ ఈ సంగతి చెప్పి నా పై పన్నును చూపించింది. దాన్ని వైద్యం మొదట్లోనే తిప్పేసి, మిగతా పని జరుగుతున్నంతకాలం తీగతో అలాగే పట్టి ఉంచడం అందుకేనట. మరీ ఎక్కువ తిరిగిన పన్ను అయితే, మత్తు సూది ఇచ్చి పన్ను చుట్టూ చిగురు లోపల ఆ పోగులను సన్నగా కోసే చిన్న పని కూడా ఉందట. కోసినవి కొత్త చోట మళ్లీ అతుక్కుంటాయి కాబట్టి వెనక్కి లాగే బలం తగ్గుతుంది. నాకు అంత అవసరం లేదంది.

పై పళ్ల సందు సంగతి వేరు. పై పెదవి ఎత్తి అద్దంలో చూసుకోండి, పెదవి నుంచి చిగురుకు నిలువుగా ఒక కండ తాడు కనిపిస్తుంది. కొందరికి అది లావుగా ఉండి రెండు పళ్ల మధ్య నుంచి వెనక్కి దిగి ఉంటుంది, అలాంటప్పుడు మూసిన సందు మళ్లీ విచ్చుకునే అవకాశం ఎక్కువ. డాక్టరమ్మ నా పెదవిని ముందుకు లాగి పట్టుకుని, పళ్ల వెనక చిగురు తెల్లబడుతోందేమో అద్దంతో చూసింది. తెల్లబడితే తాడు అక్కడిదాకా దిగినట్టు లెక్క. నాకు తెల్లబడలేదు, కోత తప్పింది. కానీ ఒకసారి సందు ఉన్నచోట ఎప్పటికీ కన్నేసి ఉంచాల్సిందేనని గట్టిగా చెప్పింది.

ఇక కింది ముందు పళ్లు. ఇవి పోగులు సర్దుకున్నాక కూడా కదులుతాయి. ఈ మాట వినగానే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. ఏడాది ఓపిక పడితే అయిపోతుందని అనుకుంటున్నాను కదా మరి. క్లిప్పులు ఎన్నడూ వేసుకోనివాళ్లకు కూడా వయసుతోపాటు కింది పళ్లు కొంచెం కొంచెంగా ముందుకు జరిగి ఇరుకవుతాయి. ఇరవై దాటాక కూడా కింది దవడ కాస్త పెరుగుతుంది, పెదవి నుంచి ఒత్తిడి ఉంటుంది, పళ్ల వరస కాలం గడిచేకొద్దీ కురచవుతుంది. మా అవ్వను చూడండి, కింది ముందు పళ్లు ఒకదానికొకటి అడ్డం పడి ఉంటాయి, పెళ్లి ఫొటోలో మాత్రం వరసగానే ఉన్నాయి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ బృందం 1981లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. పళ్లు పీకి సరిచేసిన 65 మందిని రిటైనర్లు ఆపేసిన పదేళ్లకు మళ్లీ చూస్తే, దాదాపు మూడింట రెండొంతుల మందిలో కింది ముందు పళ్ల వరస బాగాలేదు. ఎవరికి నిలుస్తుందో, ఎవరికి చెదురుతుందో ముందే చెప్పే గుర్తు కూడా వాళ్లకు దొరకలేదు. అందుకే ఇప్పుడు డాక్టర్లు ఎన్నాళ్లంటే, పళ్లు సరిగ్గా ఉండాలని నువ్వు కోరుకున్నన్నాళ్లు అంటున్నారు.

మా అమ్మ ఆ రోజు నాతోనే వచ్చింది. చిత్తూరులో మా చుట్టాలావిడ ఎవరో చెప్పారట, జ్ఞానదంతాలు వెనక నుంచి నెట్టడం వల్లే ముందు పళ్లు వంకరపోతాయని. "అవి పీకించేస్తే ఈ రిటైనర్ల బాధ ఉండదు కదా మేడం?" అని అడిగింది. డాక్టరమ్మ నవ్వి, "అవి పుచ్చిపోతేనో, అడ్డంగా ఇరుక్కుని వాస్తుంటేనో తీద్దామమ్మా. ముందు పళ్లు వంకర పోకుండా అని మాత్రం తీయించొద్దు. జ్ఞానదంతాలు అసలు పుట్టనివాళ్లకు కూడా ముందు పళ్లు ఇరుకవుతాయి" అంది. అమ్మ పూర్తిగా నమ్మినట్టు కనిపించలేదు గానీ పీకించే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఎంపిక సంగతి. కింద జీవితాంతం కదిలే పళ్లు, నేనేమో రోజూ గుర్తుపెట్టుకుని వేసుకునే వస్తువు మీద ఆధారపడటం ఎందుకని, కింద లోపలివైపు తీగ అతికిద్దాం అంది. ఒక కోర పన్ను నుంచి ఇంకో కోర పన్ను దాకా ఆరు పళ్ల వెనక అతికించే తీగ అది. సన్నని పోగులు మెలేసి చేస్తారు, మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. బయటికి కనిపించదు. పై పళ్లకు కూడా అదే వేయండి, ఒక పని అయిపోతుంది అన్నాను. అప్పుడు పళ్ల మధ్య సన్నని నీలం కాగితం పెట్టి కొరకమంది. పై పళ్ల వెనక, తీగ అతికించాల్సిన చోటే నీలం మచ్చలు పడ్డాయి. కింది పళ్లు వచ్చి సరిగ్గా అక్కడే తగులుతున్నాయి. అక్కడ తీగ పెడితే కొరికిన ప్రతిసారీ దెబ్బ తగిలి ఊడిపోతుంది. అందుకని పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ రిటైనర్, తీసి పెట్టుకునేది. ఆ నీలం మచ్చలు చూశాక నాకు ఇంక వాదించడానికి ఏమీ లేకపోయింది.

మా చిన్నమ్మ కొడుకు కూడా అదే డాక్టర్ దగ్గర క్లిప్పులు వేయించుకున్నాడు, వాడికి ఇచ్చింది ఇంకో రకం. ఎత్తు పళ్లు కాబట్టి వాడికి నాలుగు పళ్లు పీకి ఆ ఖాళీలు మూశారు. అంగిట్లో అతికినట్టు కూర్చునే గులాబీ రంగు పలక, ముందు పళ్ల మీదుగా ఒక తీగ, దవడ పళ్లను పట్టుకునే కొక్కేలు. హాలీ రిటైనర్ అంటారు, అమెరికా డాక్టర్ చార్ల్స్ హాలీ సుమారు వందేళ్ల కిందట చేసిన నమూనా. వాడికి అదెందుకంటే, క్లిప్పులు తీసేసరికి దవడ పళ్లు పైవీ కిందవీ ఇంకా పూర్తిగా కలవడం లేదు. ప్లాస్టిక్ రిటైనర్ పళ్ల కొనల మీద కూడా కప్పుకుని ఉంటుంది కాబట్టి వాటిని కలవనివ్వదు. హాలీ అయితే నమిలే చోట ఖాళీ, పళ్లు నెమ్మదిగా దిగి ఒకదానికొకటి కుదురుకుంటాయి. ఇంకోటి, ఆ ముందు తీగను డాక్టర్ కావాలంటే బిగించవచ్చు, చిన్న సందు ఏదైనా పడితే అక్కడే సరిచేయవచ్చు. మామూలు హాలీలో తీగ పన్ను పీకిన చోటు మీదుగానే దాటి లోపలికి పోతుంది, అది ఆ ఖాళీని విడదీసే ప్రమాదం ఉందని వాడికి ఆ తీగను వెనక దవడ పన్ను దాకా చుట్టించి చేయించింది. కష్టం కూడా ఉంది. అంగిట్లో పలక ఉండటంతో వాడికి కొన్నాళ్లు స, శ సరిగా పలకలేదు, స్కూల్లో చదవమంటే సిగ్గుపడేవాడు. ఇంట్లో రోజూ పేపర్ పైకి చదివించమంది డాక్టరమ్మ, అలా అలవాటైపోయింది.

నా కింది తీగ అతికించిన రోజు బాగా గుర్తుంది, ఎందుకంటే నోరు తెరిచి అంతసేపు ఉండటం అంత తేలిక కాదు. ముందు పళ్ల వెనక గార మొత్తం తీశారు. తీగను ముందే నా పళ్ల అచ్చు మీద వంచి తెచ్చారు. అది పళ్ల మీద ఏ ఒత్తిడీ లేకుండా ఊరికే ఆనుకుని ఉండాలి. వంగి స్ప్రింగులా నెట్టే తీగను అతికిస్తే అది పళ్లను పట్టి ఉంచడం మాని మెల్లగా జరుపుతుంది. తర్వాత నీలం జెల్ రాసి కడిగి గాలి కొడితే పళ్ల వెనక భాగం సుద్దలా తెల్లబడింది, అద్దంలో చూపించారు. నాలుక కింద దూది, బుగ్గల్లో దూది, ఉమ్మి లాగే గొట్టం. "ఇప్పుడు నాలుక కదపొద్దమ్మా, ఉమ్మి తగిలితే అతుకు నిలవదు" అని ఆ కొద్ది నిమిషాలు పదే పదే చెప్పింది. పళ్ల మధ్య దారాలు దూర్చి తీగను బిగించి పట్టుకుని, ఒక్కో పన్ను మీద చుక్క చుక్కగా, పళ్లు నింపడానికి వాడే కాంపోజిట్ పెట్టి, నీలం లైటుతో గట్టిపరిచారు. ఆరు చుక్కలు. మొదటి వారం నాలుక మాటిమాటికీ అక్కడికే పోయేది, తర్వాత ఉన్నట్టే తెలియలేదు.

దాని శుభ్రత మాత్రం తెలియకుండా పోదు. మామూలు దారం పళ్ల మధ్య పై నుంచి దిగదు, తీగ అడ్డం. ఒక కొన గట్టిగా, మధ్యలో మెత్తని స్పాంజిలా ఉండే దారం దొరుకుతుంది, సూపర్ ఫ్లాస్ అంటారు. గట్టి కొనను తీగ కింద నుంచి దూర్చి, మెత్తని భాగాన్ని పన్ను వెనక ముందుకీ వెనక్కీ లాగాలి. రాత్రి అన్నం తిన్నాక కూర్చుని చేసుకునేదాన్ని. కింది ముందు పళ్ల వెనక గార తొందరగా పట్టే చోటు, అందులో తీగ ఉంటే ఇంకా త్వరగా పడుతుంది. చిగురు ఎర్రబడి రక్తం కారుతుంటే తీగ తప్పు కాదు, అక్కడ గార చేరిందని అర్థం. తిండిలో ముందు పళ్లతో కొరికేవి మానుకున్నాను. మా వైపు వేసవిలో తోతాపురి పచ్చికాయ ఉప్పూకారంతో తినకుండా ఎవరుంటారు? ముక్కలు కోసుకుని దవడ పళ్లతో నమిలేదాన్ని. చెరకు మాత్రం పూర్తిగా వదిలేశాను.

పైదాని సంగతి వేరే. పళ్ల అచ్చు మీద వేడి చేసిన ప్లాస్టిక్ షీటు పరిచి గాలి లాగేసి తయారు చేస్తారు. వేడితో పుట్టింది కాబట్టి వేడికే పోతుంది. వేడి నీళ్లతో కడగొద్దు, అది పెట్టుకుని కాఫీ తాగొద్దు, ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు. తిరుపతి మే నెల ఎండకు ఆ చివరి మాట ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. తినేటప్పుడు తీసేయాలి, పెట్టుకుని ఉన్నప్పుడు మంచినీళ్లు తప్ప ఏవీ తాగకూడదు. పాలో, జ్యూసో తాగితే ఆ తీపి ప్లాస్టిక్‌కీ పన్నుకీ మధ్య నిలిచిపోయి పళ్లు పుచ్చుతాయి, ఉమ్మి వచ్చి కడిగే దారి ఉండదు కాబట్టి. చల్లనీళ్లతో మెత్తని బ్రష్ పెట్టి రుద్దడమే, పేస్టు వేస్తే గీతలు పడి మసకబారుతుంది. హోటల్లో టిష్యూలో చుట్టి ప్లేటు పక్కన పెట్టడం వల్లే ఎక్కువమంది పోగొట్టుకుంటారని డాక్టర్ చెప్పింది, నేను డబ్బా ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకుంటాను.

ఎన్ని గంటలు పెట్టుకోవాలి అనేదాని మీద డాక్టర్లందరిదీ ఒకే మాట కాదు. కొందరు మొదటి ఆరు నెలలు తిండి వేళ తప్ప రోజంతా అంటారు, ఆ తర్వాత రాత్రుళ్లు. మొదటి నుంచి రాత్రుళ్లు మాత్రమే పెట్టుకున్నా ప్లాస్టిక్ రిటైనర్లతో ఫలితం దాదాపు అంతే ఉందని బ్రిటన్‌లో జరిగిన పరీక్షల్లో తేలింది. నాకు సందూ, తిరిగిన పన్నూ రెండూ ఉన్నాయి కాబట్టి మా డాక్టర్ రోజంతా దారే ఎంచుకుంది. నాకూ అదే సబబనిపించింది, ఎందుకంటే మొదట్లో అన్నం తిని అరగంట ఆలస్యంగా పెట్టుకున్నా బిగుతు తెలిసేది. ఆ బిగుతే మంచి కొలబద్ద. పెట్టుకోగానే కాస్త బిగుతుగా ఉండి కొంతసేపటికి సర్దుకుంటే, పన్ను కదలాలని చూస్తోంది, ఇది ఆపుతోంది అని లెక్క. రాత్రి మాత్రమే పెట్టుకునే దశలో రోజూ బిగుతు తెలుస్తుంటే గంటలు పెంచాలి. పెట్టుకున్నా పూర్తిగా కూర్చోకుండా, పన్ను అంచుకీ ప్లాస్టిక్‌కీ మధ్య ఖాళీ కనిపిస్తే పన్ను అప్పటికే జరిగింది, పళ్లతో గట్టిగా కొరికి దించకూడదు, విరుగుతుంది. వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. కొన్ని రోజులు ఆగినా ఆ ఖాళీ పెరుగుతుంది.

ఇక అసలు సమస్య. కింది తీగ అతికించి ఏడాది దాటాక, రాత్రి దారం తీస్తుంటే ఎడమవైపు నడిమి పన్ను దగ్గర దారం తీగ పక్కన ఆగకుండా, కాంపోజిట్ చుక్కకీ పన్నుకీ మధ్య జారిపోయింది. మిగతా పళ్ల దగ్గర చుక్క కింద దారం ఆగుతుంది, ఇక్కడ దూరిపోతోంది. నాలుకకు ఏ తేడా తెలియలేదు, ఎందుకంటే చుక్క తీగకు అతుక్కునే ఉంది, ఊడింది పన్ను నుంచి. కింది తీగల విషయంలో మోసం చేసేది ఇదే. తీగ మొత్తం ఊడితే గుచ్చుకుంటుంది, తెలుస్తుంది. ఒక్క చుక్క వదిలితే అంతా మామూలుగానే ఉంటుంది. అద్దం ముందు గోటితో ఒక్కో పన్నునూ మెల్లగా ముందుకు నొక్కి చూస్తే, ఆ పన్ను ఒక్కటే విడిగా కదులుతోంది, చుక్క దాంతోపాటు కదలడం లేదు. చుక్క అంచున సన్నని నల్లని గీత కూడా కనిపించింది.

క్లినిక్‌లో డాక్టరమ్మ సన్నని కొక్కెంతో తీగను మెల్లగా ఎత్తి చూసి అదే ఖాయం చేసింది. తర్వాత పళ్లను పై నుంచి అద్దంలో చూపించింది. ఆ పన్ను దాదాపు అర మిల్లీమీటరు ముందుకు వచ్చి, పాత వైపుకే కాస్త తిరిగింది. మొదట్లో ముందుకు తోసుకొచ్చి మెలి తిరిగి ఉన్నది ఇదేనని చెప్పాను కదా. తీగ వెనక అడ్డంగా ఉంది కాబట్టి వెనక్కి పోలేదు, ముందుకు దారి తెరిచి ఉంది, అటే పోయింది. ఎందుకు ఊడిందో ఖచ్చితంగా చెప్పలేం అంది, అతికించేటప్పుడు తేమ తగిలినా ఊడుతుంది, గట్టివి కొరికినా ఊడుతుంది.

అక్కడ రెండు దారులు పెట్టింది. ఉన్నచోటే చుక్క మళ్లీ పెట్టేస్తే పది నిమిషాల పని, కానీ పన్ను ఆ వంకర చోటే నిలిచిపోతుంది. అలా కాదంటే ముందు వెనక్కి తెచ్చి, ఆ తర్వాత అతికించాలి. బయటికి చూస్తే తెలియనంత తేడానే అయినా, ఇంత కష్టపడ్డాక వంకర మీద ముద్ర వేయించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. రెండోదే చేయమన్నాను. పాత తీగ మొత్తం తీసేసి పళ్ల అచ్చు తీసుకున్నారు. ల్యాబ్‌లో ఆ అచ్చులో ఒక్క పన్నును మాత్రం కోసి, మైనంతో వరసలోకి జరిపి పెట్టి, ఆ సరిచేసిన అచ్చు మీద పారదర్శక ట్రే చేశారు. ఒక్కో ట్రే పావు మిల్లీమీటరు జరిపేలా రెండు ట్రేలు. తిండి వేళ తప్ప రోజంతా పెట్టుకోవాలి. పెట్టుకున్న మొదటి రోజు ఆ ఒక్క పన్ను మీదే ఒత్తిడి తెలుస్తుంది, మిగతావాటి మీద ఏమీ ఉండదు. ఒక ట్రే నొప్పి లేకుండా సులువుగా కూర్చోవడం మొదలైతేనే రెండోది. పన్ను వరసలోకి వచ్చాక కొత్త అచ్చు తీసుకుని, దాని మీద వంచిన కొత్త తీగ అతికించారు, మళ్లీ అదే దూది, అదే నీలం లైటు.

తీగ అతికించేముందు ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది, అది చాలామందికి తెలియదనుకుంటాను. చుక్కలన్నీ గట్టిగా ఉండి కూడా పళ్లు కదిలే సందర్భం ఉంటుంది. పోగుల తీగలో ఎక్కడో మిగిలిన వంపో, మెలికో కాలక్రమంలో పనిచేసి, ఒక కోర పన్నును బయటికీ, రెండోదాన్ని లోపలికీ తిప్పుతుంది. కొందరికి ఒకే పన్ను వేరు చిగురు కింద ఉబ్బెత్తుగా బయటికి వస్తుంది, చిగురు అక్కడ కిందికి దిగినట్టు కనిపిస్తుంది. తీగ ఊడలేదు కదా అని చూస్తూ ఊరుకుంటే అది పెరుగుతూనే ఉంటుంది, అలాంటప్పుడు తీగ తీసేయాల్సిందే. అందుకని నాలుగైదు నెలలకోసారి కింది పళ్ల ఫొటో ఒకే కోణంలో తీసి ఫోన్‌లో దాచుకోమంది, తేడా ఉంటే పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తెలుస్తుంది. అలాగే చేస్తున్నాను.

కొత్త తీగతో పాటు కింద కూడా రాత్రుళ్లకు ఒక ప్లాస్టిక్ రిటైనర్ చేయించుకున్నాను, తీగ మీదుగానే కూర్చుంటుంది. మళ్లీ ఏ చుక్కైనా వదిలితే నేను చూసుకునేలోపు పన్ను జరగకుండా అది పట్టుకుంటుంది, జరిగితే కూర్చోదు కాబట్టి ముందుగా కబురు కూడా అదే చెబుతుంది. తీగ ఉన్నాక ఇది కూడా ఎందుకని అమ్మ అడిగింది. మెలి తిరిగిన పన్ను ఉన్నవాళ్లకు ఈ రెండూ కలిపి వాడటం నాకైతే నచ్చింది, రాత్రి పైదానితోపాటు పెట్టుకోవడమే కదా.

పై రిటైనర్ ఈ మధ్య వెనక దవడ పన్ను దగ్గర చీలింది. రోజూ తీసి పెట్టే చోటే, వేలితో లాగే చోటే ముందు చీలుతుందట, ఏడాదో రెండేళ్లో వచ్చేసరికి చాలామందికి మార్చాల్సి వస్తుంది. తీసేటప్పుడు ఒక పక్కే పట్టి లాగకుండా రెండు వైపులా దవడ పళ్ల దగ్గర కొంచెం కొంచెంగా వదులు చేసి తీస్తే ఎక్కువకాలం వస్తుంది. ప్లాస్టిక్ చివరి దవడ పన్ను మీదికి కూడా రావాలి, కురచగా కత్తిరిస్తే కప్పని ఆ పన్ను కాలక్రమంలో పైకో కిందికో పెరుగుతుంది, పళ్లు కలిపినప్పుడు అదే ముందు తగులుతుంది. కొత్తది తీసుకునేటప్పుడు అద్దంలో ఇది చూసుకోండి. ఇంకోటి, క్లిప్పులు తీసిన రోజు పోసిన ప్లాస్టర్ అచ్చును అడిగి ఇంటికి తెచ్చుకోండి. క్లినిక్‌లో ఎన్నాళ్లు దాస్తారో తెలియదు. పళ్లు కదలకపోతే దాని మీదే కొత్త రిటైనర్ చేయించవచ్చు, కదిలితే ఎంత కదిలాయో కొలవడానికి అదే ఆధారం. నాది అట్టపెట్టెలో దూది వేసి, మీద తేదీ రాసి, బీరువాలో సర్టిఫికెట్ల పక్కన పెట్టాను. చీలిన రిటైనర్‌కి బదులు కొత్తది చేయడానికి పోయిన వారం ఆ పెట్టె తీసుకునే క్లినిక్‌కి వెళ్లాను. పాత అచ్చునూ నా పళ్లనూ పోల్చి చూసి, ఏవీ కదల్లేదని అదే అచ్చును ల్యాబ్‌కు పంపారు.